టీఎస్‌హెచ్ పెరిగిందట... ఇప్పుడేం చేయాలి?

రక్తపరీక్ష రిపోర్టులో టీఎస్‌హెచ్ అన్న వరుసకు ఎదురుగా 8 అనో 14 అనో ఒక అంకె ఉంటుంది. దాని పక్కన ముదురు సిరాతో హెచ్ అనే అక్షరం. చివర్లో 0.4 నుంచి 4.5 దాకా ఉండాలన్న సూచన. అది చూడగానే చాలామంది 'నాకు థైరాయిడ్ ఎక్కువైపోయింది' అనుకుంటారు. నిజానికి ఆ అంకెను తిరగేసి చదవాలి. టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేస్తోందనో, పని చేయడానికి కష్టపడుతోందనో దాదాపు ఎప్పుడూ అర్థం. ఎందుకంటే టీఎస్‌హెచ్ థైరాయిడ్‌లో పుట్టే హార్మోను కాదు. మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది.

కంఠమణికి కాస్త కిందుగా, గొంతు ముందు భాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి ప్రధానంగా టీ4 అనే హార్మోనును, కొద్దిగా టీ3ని తయారుచేస్తుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, పేగులు ఎంత చురుగ్గా కదలాలి, ఒంట్లో వేడి ఎంత పుట్టాలి, కొలెస్ట్రాల్ ఎంత త్వరగా ఖర్చవాలి అన్నవన్నీ చాలావరకు వీటి మీదే ఆధారపడతాయి. రక్తంలో ఈ హార్మోన్లు ఎంత ఉన్నాయో పిట్యూటరీ అనుక్షణం గమనిస్తూ ఉంటుంది. కాస్త తగ్గినట్టు అనిపిస్తే చాలు, టీఎస్‌హెచ్‌ను ఎక్కువగా వదులుతుంది. కూలీ చెయ్యి నెమ్మదించినప్పుడు మేస్త్రి గొంతు పెంచినట్టన్నమాట. రిపోర్టులో కనిపించే పెద్ద అంకె ఆ మేస్త్రి గొంతే.

ఈ గొంతు పెరగడంలో ఒక విశేషం ఉంది. తెలుసుకుంటే సగం భయం పోతుంది. టీ4లో చిన్న తగ్గుదలకు కూడా టీఎస్‌హెచ్ చాలా పెద్దగా స్పందిస్తుంది. టీ4 సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ వంద రెట్ల దాకా పెరగవచ్చని వైద్య పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అందుకే 16 వచ్చినవాళ్లకు 4 వచ్చినవాళ్లకంటే జబ్బు నాలుగింతలు ముదిరిందని లెక్క వేయకూడదు. థైరాయిడ్ కాస్త తడబడిన తొలి రోజుల్లోనే, టీ4 ఇంకా సరిపడా ఉండగానే టీఎస్‌హెచ్ పైకి లేస్తుంది. జబ్బు ఇంత ముందుగా బయటపడేది ఈ లక్షణం వల్లే. పెద్ద అంకె చూసి జనం అవసరానికి మించి బెంబేలెత్తేదీ దీని వల్లే.

మన దగ్గర ఇది అరుదైన సంగతి కాదు. హైదరాబాద్‌తో సహా దేశంలోని ఎనిమిది నగరాల్లో పెద్దవాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనం 2013లో అచ్చయింది. అందులో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నట్టు తేలింది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ.

అయితే ఒక్క పరీక్షలో టీఎస్‌హెచ్ ఎక్కువగా వచ్చినంత మాత్రాన జీవితాంతం మాత్రలు ఖాయమని అనుకోనవసరం లేదు. టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు. రాత్రివేళ పెరిగి, తెల్లవారుజాము దాకా ఎక్కువగానే ఉండి, మధ్యాహ్నానికి దిగుతుంది. ఉదయం ఆరున్నరకు ఇచ్చిన రక్తంలో 5.3 ఉన్న మనిషికి అదే రోజు మధ్యాహ్నం 4 లోపు రావచ్చు. టైఫాయిడ్, డెంగీ లాంటి పెద్ద జ్వరం నుంచి కోలుకుంటున్న రోజుల్లోనూ టీఎస్‌హెచ్ కొన్ని వారాలు పెరిగి, తనంతట తానే దిగిపోతుంది. మానసిక వైద్యులు రాసే లిథియం, గుండె లయ తప్పినవాళ్లకు ఇచ్చే అమియోడరాన్ కూడా దీన్ని పెంచగలవు. మీరు వాడే మందుల చీటీలన్నీ డాక్టరు ముందు పెట్టాలనేది ఇందుకే.

ఇంకొకటుంది. జుట్టు రాలుతోందని మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో బయోటిన్ అనే విటమిన్ పెద్ద మోతాదులో ఉంటుంది. కొన్ని ల్యాబుల్లో పరీక్షకు వాడే రసాయనాలను ఇది తికమక పెడుతుంది. దాంతో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపిస్తుంది. జుట్టు రాలడానికి థైరాయిడ్ లోపమే కారణమైన మనిషి, జుట్టు కోసమే బయోటిన్ మింగి, ఆ బయోటిన్ వల్లే జబ్బు రిపోర్టులో దొరకకుండా తప్పిపోవచ్చు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు నుంచి అది ఆపాలి. మోతాదు బాగా పెద్దదైతే ఇంకా ముందుగా ఆపాలి. ఆ మాట డాక్టరుకూ ల్యాబులో రక్తం తీసేవాళ్లకూ చెప్పాలి.

కాబట్టి తర్వాతి మెట్టు మళ్లీ పరీక్ష. టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగి, పెద్ద ఇబ్బందులేమీ లేకపోతే రెండు మూడు నెలల తర్వాత, వీలైతే అదే ల్యాబులో, దాదాపు అదే వేళకు మళ్లీ చేయించమంటారు. మొదటి అంకె పదికి పైన ఉన్నా, ఒంట్లో లక్షణాలు స్పష్టంగా ఉన్నా, గర్భవతి అయినా అన్నాళ్లు ఆగరు.

ఈసారి టీఎస్‌హెచ్‌తో పాటు రెండు పరీక్షలు తోడవుతాయి. మొదటిది ఫ్రీ టీ4. మేస్త్రి ఎంత అరుస్తున్నాడో టీఎస్‌హెచ్ చెబితే, అసలు పని ఎంత జరుగుతోందో ఇది చెబుతుంది. టీఎస్‌హెచ్ పెరిగి, ఫ్రీ టీ4 తగ్గి ఉంటే థైరాయిడ్ లోపం పూర్తిగా ఏర్పడిందని అర్థం. దాన్నే డాక్టర్లు హైపోథైరాయిడిజం అంటారు. టీఎస్‌హెచ్ పెరిగినా ఫ్రీ టీ4 సరిగ్గానే ఉంటే ఇంకా తొలి దశలో ఉన్నట్టు. రిపోర్టు మీద డాక్టరు సబ్‌క్లినికల్ అని రాస్తే ఆ దశ అన్నమాట. టీ3 పరీక్ష ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. థైరాయిడ్ బాగా దెబ్బతిన్నాక కూడా టీ3 చాలాకాలం సరిగ్గానే ఉంటుంది. అందుకే 'టీ3 నార్మల్‌గానే ఉంది కదా' అని నిశ్చింతగా ఉండకూడదు.

రెండోది యాంటీ టీపీఓ. ఇది లోపం ఎందుకు వచ్చిందో చెబుతుంది. అయొడిన్ కలిపిన ఉప్పు ఇంటింటికీ చేరాక మన దగ్గర థైరాయిడ్ లోపానికి అన్నిటికంటే తరచుగా కనిపించే కారణం హషిమోటో వ్యాధి. జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో మొదటిసారి వర్ణించాడు కాబట్టి ఆయన పేరు పెట్టారు. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున థైరాయిడ్ కణాల మీద దాడి చేసి, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా దెబ్బతీస్తుంది. ఆ దాడికి గుర్తుగా రక్తంలో యాంటీ టీపీఓ యాంటీబాడీలు కనిపిస్తాయి. ఇవి ఉన్నాయంటే టీఎస్‌హెచ్ మున్ముందు ఇంకా పెరిగే అవకాశం ఎక్కువని లెక్క. ఒకసారి ఉన్నాయని తేలాక ఈ పరీక్ష మళ్లీ మళ్లీ చేయించనక్కర్లేదు. ఆ అంకె వందల్లో ఉందా వేలల్లో ఉందా అన్నదాన్ని బట్టి మందు మోతాదు మారదు. గొంతు దగ్గర గడ్డగానీ వాపుగానీ చేతికి తగలకపోతే, టీఎస్‌హెచ్ పెరిగిందన్న ఒక్క కారణంతో అల్ట్రాసౌండ్ స్కాన్ కూడా అవసరం లేదు.

ఇప్పుడు ఒక ఇంట్లో ఇద్దరి సంగతి చూద్దాం. పేర్లు, అంకెలు ఊహించి రాసినవే గానీ, డాక్టర్ల దగ్గర ఇలాంటి రిపోర్టులు రోజూ కనిపిస్తాయి. కరీంనగర్‌లో స్కూల్ టీచరు సరళ వయసు 36, బరువు 62 కిలోలు. ఏడాదిగా సాయంత్రానికి కాళ్లు ఈడ్చుకుంటూ ఇంటికి వస్తోంది. ఫ్యాను వేస్తే అందరికీ హాయిగా ఉంటే తనకు మాత్రం చలి. మలబద్ధకం, పొడిబారిన చర్మం, నెలసరిలో మునుపటికంటే ఎక్కువ రక్తస్రావం. ఆమె అత్తగారు వెంకటమ్మకు 72 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు తప్ప చురుగ్గానే ఉంటుంది. ఇద్దరూ ఒకేరోజు హెల్త్ ప్యాకేజీలో రక్తం ఇచ్చారు. సరళకు టీఎస్‌హెచ్ 14.2, అత్తగారికి 6.4. ఇద్దరి రిపోర్టుల్లోనూ అదే హెచ్ గుర్తు.

డాక్టరు ఇద్దరికీ ఒకే మందు రాయలేదు. సరళకు పది రోజుల్లోనే మళ్లీ పరీక్ష చేయించారు. టీఎస్‌హెచ్ 16.1 వచ్చింది. ఫ్రీ టీ4 0.8 నుంచి 1.8 దాకా ఉండాల్సింది 0.7 ఉంది. యాంటీ టీపీఓ పాజిటివ్. చెడ్డ కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్ 158. టీ4 తక్కువైతే కాలేయం ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి సరిగ్గా తీసేయలేదు. అందుకే కొలెస్ట్రాల్‌కు విడిగా మాత్రలు మొదలుపెట్టే ముందు థైరాయిడ్ సరిచేసి చూడాలి. చాలామందికి దానంతటదే కొంత దిగుతుంది. సరళకు చికిత్స కావాలనడంలో సందేహం లేదు.

వెంకటమ్మగారి ఫ్రీ టీ4 1.2, యాంటీ టీపీఓ లేదు. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తే టీఎస్‌హెచ్ 5.2 ఉంది. ఆమెకు మాత్ర రాయలేదు. "మీ వయసుకు ఇది పెద్ద పెరుగుదల కాదమ్మా, ఏడాదికోసారి చూద్దాం" అని పంపించారు డాక్టరు. వయసు పెరిగేకొద్దీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా టీఎస్‌హెచ్ కొంత పైకి జరుగుతుంది. డెబ్భై దాటినవాళ్లలో 6 లేదా 7 దాకా కూడా మామూలే కావచ్చు. ల్యాబు మాత్రం అన్ని వయసులకూ ఒకే పరిమితి అచ్చువేస్తుంది. ట్రస్ట్ అనే పేరుతో యూరప్ దేశాల్లో జరిగిన ఒక పరిశోధన 2017లో వెలువడింది. 65 ఏళ్లు దాటి, టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగిన 737 మందిలో కొందరికి అసలు మాత్ర, కొందరికి ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరిది ఏదో వాళ్లకు తెలియదు. ఏడాది తర్వాత చూస్తే మాత్ర వేసుకున్నవాళ్ల అలసటగానీ ఇతర లక్షణాలుగానీ మిగతావాళ్లకంటే ఏమీ తగ్గలేదు. పెద్దవాళ్లకు అంకె చూసి తొందరపడి మందు మొదలుపెట్టడం నా ఉద్దేశంలో మేలుకంటే ఇబ్బందే ఎక్కువ.

పదికి పైన స్థిరంగా ఉంటే సాధారణంగా చికిత్స చేస్తారు. నాలుగున్నరకూ పదికీ మధ్య ఉన్నవాళ్ల విషయంలోనే డాక్టరు ఆలోచించాల్సి వస్తుంది. యాంటీ టీపీఓ ఉందా, గొంతు వాపు ఉందా, లక్షణాలు బలంగా ఉన్నాయా, గుండెజబ్బు ప్రమాదం ఉందా అని చూస్తారు. అన్నిటికంటే ముందు గర్భం ఉందా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నారా అని అడుగుతారు. ఇవేవీ లేనివాళ్లలో చాలామందికి ఏ మందూ లేకుండానే తర్వాతి పరీక్షల్లో అంకె దిగిపోతుంది. ఆగి చూద్దాం అన్న డాక్టరు మిమ్మల్ని పట్టించుకోలేదని అనుకోకండి. పట్టించుకున్నారు కాబట్టే మళ్లీ రమ్మన్నారు.

మాత్ర సంగతికి వద్దాం. దాని పేరు లెవోథైరాక్సిన్. మన థైరాయిడ్ తయారుచేసే టీ4కీ దీనికీ రసాయనికంగా తేడా లేదు. ఒంట్లో తక్కువైనదాన్ని బయటినుంచి అందించడమే ఈ చికిత్స. 1891లో ఇంగ్లండు వైద్యుడు జార్జ్ ముర్రే థైరాయిడ్ పూర్తిగా చెడిపోయిన 46 ఏళ్ల మహిళకు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని సూదిమందుగా ఇచ్చాడు. ఆమె మరో 28 ఏళ్లు బతికింది. ఇప్పుడు గొర్రెలతో పని లేదు. గసగసాలంత కూడా లేని మోతాదు ఒక చిన్న మాత్రలో కచ్చితంగా కొలిచి వస్తోంది. మోతాదును మైక్రోగ్రాముల్లో చెబుతారు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షలవ వంతు. 25, 50, 75, 100 అని సీసా మీద కనిపించే అంకె అదే. కొత్త సీసా తెచ్చుకున్న ప్రతిసారీ ఆ అంకెను డాక్టరు చీటీతో పోల్చి చూడాలి. షాపులో ఒకటి అడిగితే ఒకటి ఇచ్చే పొరపాట్లు జరుగుతుంటాయి.

థైరాయిడ్ దాదాపు పని మానేసినవాళ్లకు కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాముల చొప్పున కావాలి. సరళ బరువు 62 కిలోలు. ఆ లెక్కన దాదాపు 100. కానీ ఆమె గ్రంథి ఇంకా కొంత పనిచేస్తోంది కాబట్టి డాక్టరు 75తో మొదలుపెట్టారు. గుండెజబ్బు ఉన్నవాళ్లకూ బాగా పెద్దవాళ్లకూ 25 లేదా 12.5తో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. ఏళ్ల తరబడి నెమ్మదిగా నడిచిన గుండెను ఒక్కసారిగా పరుగెత్తించకూడదు.

ఆరు వారాల తర్వాత సరళ మళ్లీ రక్తం ఇచ్చింది. టీఎస్‌హెచ్ 16 నుంచి 7.9కి దిగింది. దిగింది గానీ చాలలేదు. ఇక్కడ మాత్రను 100కి పెంచేయడం తేలిక. డాక్టరు పెంచలేదు. "పొద్దున్నే మాత్ర ఎలా వేసుకుంటున్నారో, తర్వాత ఏం తాగుతున్నారో, ఏం తింటున్నారో ఒకసారి చెప్పండమ్మా" అని అడిగారు.

ఆమె ఉదయం ఐదున్నరకు లేచి, పాలు కాచి, స్ట్రాంగ్ కాఫీ కలుపుకుని, ఆ కాఫీతోనే మాత్ర వేసుకుంటోంది. ఆరున్నరకు టిఫిను. నెలసరిలో ఎక్కువ రక్తం పోయి హిమోగ్లోబిన్ తగ్గిందని ఇంకో డాక్టరు రాసిన ఐరన్ మాత్ర టిఫిను కాగానే. తప్పంతా అక్కడే ఉంది. లెవోథైరాక్సిన్ ఖాళీ కడుపులోనే బాగా ఒంటికి పడుతుంది. కాఫీ దాన్ని పేగుల్లోనే అడ్డుకుంటుంది. ఐరన్, క్యాల్షియం మాత్రలు దానితో కలిసి గట్టి ముద్దగా మారి ఒంటికి పట్టకుండా చేస్తాయి. మాత్ర వేసుకుంటూనే ఉంది, అందులో చాలా భాగం వృథాగా పోతోంది.

అప్పుడు చెప్పిన పద్ధతి ఇది. లేవగానే పరగడుపున మాత్ర, గ్లాసెడు మంచినీళ్లతో. తర్వాత అరగంట నుంచి గంట దాకా కాఫీ, టీ, పాలు, తిండి ఏవీ వద్దు. ఐరన్ మాత్ర మధ్యాహ్నం భోజనం తర్వాతకు మారింది. ఐరన్, క్యాల్షియం, కడుపులో మంట తగ్గించే యాంటాసిడ్ సిరప్పు, వీటికీ థైరాయిడ్ మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. గ్యాస్ కోసం రోజూ పరగడుపున వేసుకునే ఒమెప్రజోల్, ప్యాంటప్రజోల్ లాంటివి కూడా దీన్ని కొంత తగ్గిస్తాయి. అవి వాడుతుంటే డాక్టరుకు చెప్పాలి. ఉదయం ఈ ఎడం కుదరనివాళ్లు, పొద్దున్నే డ్యూటీకి పరుగెత్తేవాళ్లు రాత్రి భోజనమయ్యాక మూడు గంటలకు, పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. ఏదో ఒక వేళ ఎంచుకుని రోజూ అదే పాటించాలి.

మోతాదు మార్చకుండానే ఎనిమిది వారాల తర్వాత సరళ టీఎస్‌హెచ్ 3.1కి వచ్చింది. అప్పుడే మోతాదు పెంచేసి ఉంటే, ఆమె కాఫీ అలవాటు మారిన రోజున మందు ఎక్కువైపోయేది.

మళ్లీ పరీక్షకు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమనడానికి కారణం ఉంది. టీ4 రక్తంలో చాలాకాలం నిలుస్తుంది. ఇవాళ వేసుకున్న మాత్రలో సగం ఖర్చు కావడానికే వారం పడుతుంది. కొత్త మోతాదు రక్తంలో నిలకడకు రావడానికి ఐదారు వారాలు. రెండు వారాలకే పరీక్ష చేయించి తగ్గలేదని మోతాదు పెంచడం వల్ల డబ్బూ పోతుంది, అంకెలూ తారుమారవుతాయి. ఒకరోజు మాత్ర మరిచిపోతే గాభరా పడనక్కర్లేనిదీ ఇందుకే. మరిచిపోవడం వారంలో మూడు రోజులైతే మాత్రం టీఎస్‌హెచ్‌లో కనిపిస్తుంది. పరీక్ష రోజున రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవడం మంచిది. ముందే వేసుకుంటే కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 ఎక్కువగా కనిపిస్తుంది.

ఒంట్లో మార్పు ఎప్పుడు తెలుస్తుందని అందరూ అడుగుతారు. మలబద్ధకం, చలి, మగత లాంటివి రెండు మూడు వారాల్లో తగ్గడం మొదలవుతుంది. చర్మం, జుట్టు, నెలసరి సర్దుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. బరువు విషయంలో మాత్రం నిజం చెప్పాలి. థైరాయిడ్ లోపం వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిన నీరు, ఉప్పు. మాత్రతో అది దిగుతుంది. మిగిలిన పదిహేను కిలోలు థైరాయిడ్ వల్ల వచ్చినవి కావు, మాత్ర మోతాదు పెంచితే పోయేవీ కావు. బరువు తగ్గడం కోసం మోతాదు సొంతంగా పెంచుకునేవాళ్లు ఉన్నారు. టీఎస్‌హెచ్ 0.1 కంటే కిందికి దిగి అక్కడే ఉండిపోతే గుండె దడ, లయ తప్పడం, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం వస్తాయి. నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఎముకలు పెళుసవుతాయి. మోతాదు ఎక్కువైందని రిపోర్టు కంటే ముందే గుర్తించడానికి ఇవే ఆనవాళ్లు.

తిండి గురించి వచ్చే సలహాలకు లెక్కలేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి మానేయమని ఇంటికొచ్చిన ప్రతివారూ చెబుతారు. వాటిలో థైరాయిడ్‌కు అడ్డుపడే పదార్థాలు ఉన్నమాట నిజమే. కానీ వండితే అవి చాలావరకు పోతాయి. మామూలుగా కూర వండుకుని తినేవాళ్లకు నష్టం లేదు. అయొడిన్ ఉప్పు కూడా యథాప్రకారం వాడాలి. మానేస్తే పిల్లలున్న ఇంట్లో అదనపు నష్టం. సైంధవ లవణం, కల్లుప్పు వాడే అలవాటుంటే ప్యాకెట్ మీద అయొడిన్ కలిపినట్టు రాసి ఉందో లేదో చూడండి. థైరాయిడ్‌కు మంచిదని అమ్మే సముద్రపు నాచు మాత్రల జోలికి మాత్రం వెళ్లకండి. అయొడిన్ అతిగా పడితే హషిమోటో ఉన్నవాళ్లలో గ్రంథి ఇంకా మందగిస్తుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఒకటుంది. ఆరు నెలలు మాత్ర వేసుకుని, రిపోర్టులో 2.8 అని నార్మల్ రాగానే 'తగ్గిపోయింది కదా' అని మానేయడం. ఆ 2.8 మాత్ర వల్ల వచ్చింది. హషిమోటోలో దెబ్బతిన్న గ్రంథి మామూలుగా తిరిగి కోలుకోదు. మాత్ర ఆపితే మొదటి వారం, రెండో వారం ఏమీ తెలియదు. ఒంట్లో మిగిలిన టీ4 నెమ్మదిగా ఖర్చవుతుంది కాబట్టి 'ఆపినా బాగానే ఉన్నాను' అనిపిస్తుంది. రెండు మూడు నెలలకు పాత లక్షణాలన్నీ ఒక్కొక్కటిగా తిరిగొస్తాయి. మందు ఏళ్ల తరబడి ఆపేసిన పెద్దవాళ్లలో జ్వరమో చలికాలమో తోడై, ఒళ్లు చల్లబడి, మాట తడబడి, లేపినా లేవనంత మగత కమ్మేస్తే అది ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మాత్ర ఆపడం కుదిరే సందర్భాలూ ఉన్నాయి. కాన్పు తర్వాతి ఏడాదిలో వచ్చే థైరాయిడ్ వాపు కొందరిలో తాత్కాలికమే. తొలి దశలో, యాంటీబాడీలు లేకుండా, చిన్న మోతాదుతో మొదలుపెట్టినవాళ్లలో కూడా కొందరికి మందు అవసరం తీరిపోతుంది. అలాంటప్పుడు డాక్టరే తగ్గించి, ఆపి, ఆరు వారాలకు టీఎస్‌హెచ్ చూసి నిర్ణయిస్తారు. ఆ పని సొంతంగా చేయకండి. మోతాదు కుదిరాక ఆరు నెలలకు ఒకసారి, తర్వాత ఏడాదికి ఒకసారి పరీక్ష చాలు. ఒక కంపెనీ మాత్రకు అలవాటు పడ్డాక కారణం లేకుండా మార్చకండి. మార్చాల్సి వస్తే ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించండి. సీసా మూత బిగించి, వంటింటి వేడికి, ఎండకు, తేమకు దూరంగా పెట్టండి.

చివరగా, పెళ్లయి పిల్లల కోసం చూస్తున్న ఆడపడుచులకు ప్రత్యేకంగా ఒక మాట. గర్భంలోని బిడ్డకు మొదటి మూడు నెలలు తన థైరాయిడ్ పనిచేయదు. మెదడు ఎదగడానికి కావాల్సిన టీ4 తల్లి రక్తంలోంచే రావాలి. అందుకే గర్భం నిలిచాక మందు మోతాదు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పెంచాల్సి వస్తుంది. తొలి నెలల్లో టీఎస్‌హెచ్‌ను రెండున్నర లోపు ఉంచడానికి చూస్తారు. సగం నెలలు నిండేదాకా దాదాపు నాలుగు వారాలకోసారి పరీక్ష చేస్తారు. కడుపుతో ఉన్నప్పుడు మందులు వేడి చేస్తాయని పెద్దవాళ్లు ఈ మాత్ర ఆపించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఈ ఒక్క మాత్ర ఆపకండి. నెల తప్పిందని తెలిసిన రోజునే, తర్వాతి చెకప్ తేదీ కోసం ఎదురుచూడకుండా, మీ డాక్టరుకు ఫోన్ చేసి మోతాదు అడగండి. కాన్పయ్యాక బిడ్డ మడమ నుంచి చుక్క రక్తం తీసి చేసే టీఎస్‌హెచ్ పరీక్ష మీ ఆసుపత్రిలో చేశారో లేదో డిశ్చార్జికి ముందే అడిగి తెలుసుకోండి.